ఆరో లైన్లో కనబడిన తప్పు, రెండో లైన్లో పుట్టింది

లెక్క తప్పయిందని తెలియగానే మనలో చాలామంది చేసే పని ఒకటే. పేజీ మీద అడ్డంగా ఒక గీత కొట్టేసి, కింద మళ్లీ మొదట్నుంచి మొదలెడతాం. చెయ్యి అదే, అలవాటు అదే కాబట్టి రెండోసారి కూడా అదే చోట అదే తప్పు పడుతుంది. అప్పుడిక "ఈ చాప్టర్ నాకు రాదు" అని తేల్చేసుకుంటాం. అసలు తప్పు ఏ లైన్లో జరిగిందో మాత్రం చూడం.

కొట్టేసిన ఆ పేజీని ఫోన్లో ఫొటో తీసి, దాన్ని టైప్ చేసి, తప్పు జరిగిన స్టెప్పును వేలుపెట్టి చూపించడం ఎలాగో ఈ వారం చెప్తాను. నాకు వాట్సాప్‌లో ఇలాంటి ఫొటోలు వారానికి నాలుగైదు వస్తుంటాయి. అందులో ఒకదాన్ని తీసుకుందాం. అది మా మేనకోడలిది. పదో తరగతి. ఫొటోతో పాటు ఒక మెసేజ్ కూడా పెట్టింది: "అత్తా, క్వాడ్రాటిక్ ఫార్ములా ఎన్నిసార్లు చేసినా నాకు రావట్లేదు. వారం నుంచి అదే ప్రాక్టీస్ చేస్తున్నా. ఇంటర్లో ఎంపీసీ వద్దు, సీఈసీలో చేరతానని నాన్నకి చెప్పేశా."

అంటే ఒక్క లెక్క మీద రెండేళ్ల చదువు ఆధారపడి ఉందన్నమాట. సరే, ఫొటోలో ఏముందో చూద్దాం.

ముందు ఉన్నదున్నట్టు దించాలి

ఫొటోను చూస్తూ దిద్దేయాలనిపిస్తుంది. కానీ అలా చేయకూడదు. లెక్క వచ్చినవాళ్ల కన్ను చేతిరాతను చదవదు, అక్కడ ఏం ఉండాలో దాన్ని చదివేసుకుంటుంది. ప్లస్ ఉండాల్సిన చోట పిల్ల మైనస్ వేసినా, వేగంగా చూస్తే మనకు ప్లస్ లాగే కనబడుతుంది. తప్పు దాక్కునేది సరిగ్గా అక్కడే. అందుకే ముందు తీర్పు ఏమీ ఇవ్వకుండా, ప్రతి గుర్తునూ మక్కికి మక్కి టైప్ చేయాలి. స్పెల్లింగ్ తప్పుంటే తప్పుతోనే, బ్రాకెట్ మూయకపోతే మూయకుండానే రాయాలి. ప్రతి లైనుకూ నంబర్ ఇవ్వాలి. మా మేనకోడలి పేజీ టైప్ చేస్తే ఇలా వచ్చింది:

```
1) (x - 2)^2 - (2x - 1)(x - 3) = 1
2) x^2 - 4x + 4 [-?] 2x^2 - [7?1?]x + 3 = 1
3) -x^2 - 11x + 7 = 1
4) x^2 + 11x - 6 = 0
5) x = (-11 ± sqrt(121 + 24)) / 2
6) x = (-11 ± sqrt(145)) / 2
```

పుస్తకం వెనక ఉన్న జవాబు 0, 3. ఈ పిల్లకు వచ్చింది రూట్ 145. అది చూడగానే ఫార్ములా దగ్గరే ఏదో తప్పు చేశాననుకుంది. వికారంగా కనబడుతున్నది అదే కదా మరి.

రెండో లైన్లో నేను పెట్టిన ప్రశ్న గుర్తులు చూశారా? ఫొటోలో అక్కడ రెండు చోట్ల స్పష్టంగా లేదు. ఒకటి, 4 తర్వాత ఉన్న గుర్తు. రూళ్ల నోట్‌బుక్‌లో రాసినప్పుడు మైనస్ గుర్తు సరిగ్గా రూల్ గీత మీద పడితే ఫొటోలో అది గీతలో కలిసిపోతుంది. భిన్నం గీతకూ ఇదే గతి. రెండోది 7. తలమీద అడ్డగీత చిన్నగా వేస్తే 7కూ 1కీ తేడా తెలియదు. 2కూ zకూ, 5కూ sకూ, xకూ గుణకారం గుర్తుకూ కూడా ఈ తంటా ఉంది.

ఇలాంటి చోట ఊహించి ఏదో ఒకటి రాసేయకండి. రెండు అవకాశాలనూ బ్రాకెట్లో పెట్టి ముందుకెళ్లండి. చాలాసార్లు సమాధానం కింద లైన్లోనే దొరుకుతుంది. మూడో లైన్ మొదట్లో `-x^2` ఉంది. `x^2` నుంచి `2x^2` పోతేనే అది వస్తుంది. కాబట్టి అక్కడున్నది మైనస్సే. అలాగే మూడో లైన్లో `-11x` ఉంది. నాలుగు, ఏడు కలిస్తే పదకొండు. అదే 1 అయ్యుంటే `-5x` రావాలి. కాబట్టి ఆ అంకె 7. పైన తను ఏం రాసిందో కింద తనే సాక్ష్యం చెప్పిందన్నమాట.

ఈ సాక్ష్యానికి ఒక హద్దుంది. తను రాసిన 7ను తనే కింద 1గా చదువుకునే పిల్లలు ఉంటారు. అప్పుడు కింద లైన్ అబద్ధపు సాక్ష్యం చెప్తుంది, ఆ చదువుకోవడమే అసలు తప్పు అవుతుంది. అందుకే పేజీలో ఇంకెక్కడైనా తను 7 ఎలా రాస్తుందో, 1 ఎలా రాస్తుందో పక్కపక్కన పెట్టి చూడాలి. అప్పటికీ తేలకపోతే ఫోన్ చేసి అడగడం మంచిది. అడిగేటప్పుడు కూడా "అది ఏడేనా?" అని అడగకండి. "రెండో లైన్ ఒకసారి చదివి చెప్పవే" అనండి. మన నోటితో జవాబు అందిస్తే ఎవరైనా ఊఁ అంటారు.

ఫొటో పంపేవాళ్లకు కూడా మూడు మాటలు. స్కానింగ్ యాప్‌లో నలుపు తెలుపు ఫిల్టర్ పెట్టకండి. అది లేత గీతలను కాగితంలోని మరకలనుకుని తుడిచేస్తుంది. పెన్సిల్‌తో వేసిన మైనస్సులు, దశాంశ బిందువులు ముందు పోయేవి అప్పుడే. మామూలు రంగు ఫొటోయే నయం. రెండోది, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి, ఫొటో నలగకుండా వస్తుంది. మూడోది, పుస్తకంలోని ప్రశ్న ఫొటో కూడా జత చేయండి. లెక్కంతా సరిగ్గా చేసి, ప్రశ్నను మాత్రం తప్పుగా ఎక్కించుకున్నవాళ్లు తక్కువేం కాదు. ఈ కేసులో ఒకటో లైన్ పుస్తకంతో సరిపోయింది.

టైప్ చేసేవాళ్లకు ఒక జాగ్రత్త. కాగితం మీద భిన్నం గీత, రూట్ పైన గీత ఎంత పొడవున్నాయో అంతమేరకు బ్రాకెట్ పని చేస్తాయి. ఫోన్ కీబోర్డులో ఆ గీతలుండవు కాబట్టి బ్రాకెట్ మనమే వేయాలి. ఐదో లైన్లో `-11 ± sqrt(121 + 24)` మొత్తం కింద 2 ఉంది. బ్రాకెట్ మరిచిపోయి టైప్ చేస్తే రూట్ ఒక్కటే రెండుతో భాగించినట్టు అర్థం మారిపోతుంది. అప్పుడు పిల్ల చేయని తప్పును మనం పుట్టించిన వాళ్లమవుతాం. ఒకవేళ ఆ పిల్లే గీతను రూట్ కింద మాత్రమే వేసి ఉంటే, అప్పుడు దాన్ని అలాగే దించాలి. గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఫొటోను పెద్దది చేసి చూడండి.

పది పెట్టి చూడండి

ఇప్పుడు తప్పును వెతకడం. ప్రతి స్టెప్పునూ చూస్తూ "ఇది కరెక్టేనా?" అని ఆలోచించొచ్చు. కానీ ఆలోచించేది కూడా అలవాటుపడిన బుర్రే. అంతకంటే నమ్మకమైన పద్ధతి ఒకటుంది. x స్థానంలో ఒక అంకె పెట్టి, ఎడమవైపు విలువ ప్రతి లైన్లో ఎంత వస్తోందో చూడటం. కేవలం బ్రాకెట్లు విప్పి సర్దిన స్టెప్పయితే విలువ మారకూడదు.

ఏ అంకె పెట్టాలి? తేలికని చాలామంది సున్నా పెడతారు. సున్నా పెడితే x ఉన్న పదాలన్నీ మాయమవుతాయి. వాటిలో తప్పుంటే కనబడదు. ఒకటి పెడితే xకూ x స్క్వేర్‌కూ తేడా తెలియదు, రెండూ ఒకటే. రెండు పెడితే `2x`, `x^2` రెండూ నాలుగే. అందుకే నేను పది పెడతాను. పదితో గుణకారం నోటిలెక్కలో అయిపోతుంది. పైగా x స్క్వేర్‌లు వందల్లో, xలు పదుల్లో, ఉత్త అంకెలు ఒకట్లలో విడివిడిగా కూర్చుంటాయి. దీని లాభం కాసేపట్లో చూస్తారు.

ఒకటో లైన్లో పది పెడదాం. 8 స్క్వేర్ 64. రెండో భాగం 19 ఇంటూ 7, అంటే 133. అరవై నాలుగులోంచి 133 తీసేస్తే -69.

రెండో లైన్లో: 100 - 40 + 4 - 200 - 70 + 3. మొత్తం -203.

మూడో లైన్లో: -100 - 110 + 7. ఇదీ -203.

చూశారా? ఒకటి నుంచి రెండుకు వెళ్లేటప్పుడు విలువ మారిపోయింది. రెండు నుంచి మూడుకు మారలేదు. తప్పు జరిగింది ఒకటో లైనుకూ రెండో లైనుకూ మధ్య.

ఇక్కడితో ఆగక్కర్లేదు. తేడా ఎంతో చూడండి. -69కీ -203కీ మధ్య 134. సగం చేస్తే 67. గుర్తు తారుమారైనప్పుడు తేడా ఎప్పుడూ ఆ పదానికి రెట్టింపు ఉంటుంది. ఎందుకంటే కలపాల్సిన దాన్ని తీసేశాం, అంటే రెండుసార్లు నష్టపోయాం. షాపుల్లో ఖాతాలు రాసేవాళ్లకు ఈ కిటుకు బాగా తెలుసు. జమ, ఖర్చు పొంతన కుదరకపోతే తేడాను సగం చేసి, ఆ మొత్తం ఖాతాలో ఎక్కడైనా ఉందా అని వెతుకుతారు. ఉంటే అది జమలో రాయాల్సింది ఖర్చులో పడిందని అర్థం.

మనకొచ్చిన 67ని పదుల లెక్కలో చదవండి: 70 - 3. అంటే `7x - 3`. రెండో లైన్లో ఉన్నది `- 7x + 3`. రెండు గుర్తులూ తిరగబడ్డాయి! రావాల్సింది `+ 7x - 3`. పది పెట్టడం వల్ల తప్పు ఏ పదంలో ఉందో కూడా ఆ తేడాయే చెప్పేసింది. సున్నానో ఒకటో పెట్టి ఉంటే ఇంత వివరం దొరికేది కాదు.

మిగతా లైన్లను వదిలేయకండి

మొదటి తప్పు దొరకగానే "ఇక కింద అంతా తప్పే" అని పెద్ద ఇంటూ మార్కు కొట్టేయడం మన అలవాటు. కానీ కింద లైన్లలో రెండు రకాలుంటాయి. పై తప్పును మోసుకొచ్చినా, తమ పని తాము సరిగ్గా చేసినవి ఒక రకం. సొంతంగా ఇంకో తప్పు చేసినవి మరో రకం. పిల్లకు ఏం వచ్చో, ఏం రాదో తెలియాలంటే ఈ రెంటినీ విడదీయాలి. ఇంగ్లండ్ స్కూలు పరీక్షల్లో పేపర్లు దిద్దేవాళ్లకు దీనికోసం ప్రత్యేకంగా ఒక గుర్తు ఉంది. ముందు తప్పు చేసినా, ఆ తప్పు అంకెతోనే తర్వాతి స్టెప్పు సరిగ్గా చేస్తే ఆ మార్కు ఇవ్వొచ్చని మార్కుల పట్టీలో `ft` అని రాస్తారు.

మూడో లైన్ నుంచి నాలుగో లైనుకు చూద్దాం. ఇక్కడ సమీకరణం రెండువైపులా కదిలింది కాబట్టి అంతా ఎడమవైపుకు తెచ్చి పోల్చాలి. మూడో లైన్లో పది పెడితే -203లోంచి 1 తీసేసి -204. నాలుగో లైన్లో 100 + 110 - 6, అంటే 204. విలువ గుర్తు మారింది. ఇది తప్పు కాదు, మొత్తాన్ని మైనస్ ఒకటితో గుణించింది. సమీకరణంలో అది చెల్లుతుంది.

ఐదు, ఆరు లైన్లు ఫార్ములావి. పిల్ల అనుమానమంతా వీటి మీదే. వీటిని చూడాలంటే వచ్చిన జవాబును వెనక్కి నాలుగో లైన్లో పెట్టాలి. రూట్ 145 సుమారు 12.04. దానిలోంచి 11 తీసేసి సగం చేస్తే 0.52. నాలుగో లైన్లో 0.52 పెడితే 0.27 + 5.72 - 6, దాదాపు సున్నా. సరిపోయింది. అదే 0.52ను ఒకటో లైన్లో పెడితే ఎడమవైపు సుమారు 2.29 వస్తుంది, ఒకటి రావాలి. సరిపోలేదు.

అంటే ఫార్ములా నూటికి నూరుపాళ్లూ సరిగ్గా చేసింది. తన చేతికిచ్చిన సమీకరణానికి సరైన జవాబే తెచ్చింది. ఇచ్చిన సమీకరణమే తప్పు. వారం రోజులుగా ఈ పిల్ల ప్రాక్టీస్ చేస్తున్నది తనకు బాగా వచ్చిన పనిని. రోగం ఒకచోట, మందు ఇంకోచోట.

తప్పు దొరికింది, కారణం ఇంకా దొరకలేదు

ఇంతవరకూ వచ్చాక "మైనస్ బ్రాకెట్ ముందుంటే లోపల గుర్తులన్నీ మారతాయమ్మా" అని చెప్పి ఫోన్ పెట్టేయొచ్చు. కానీ ఆ సూత్రం తెలియక చేసిందా, తెలిసీ జారిందా? 1978లో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు పిల్లల తీసివేతల్లోని తప్పుల మీద ఒక పేపర్ రాశారు. పిల్లల తప్పులు చాలావరకు అడ్డదిడ్డంగా పడవనీ, ఒక తప్పుడు సూత్రాన్ని బుద్ధిగా, ప్రతిసారీ ఒకేలా పాటించడం వల్ల వస్తాయనీ అందులో చూపించారు. ఉదాహరణకు, ప్రతి స్థానంలోనూ పైన ఏది ఉంది, కింద ఏది ఉంది అని చూడకుండా పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేసే పిల్లలు ఉంటారు. ఆ సూత్రం ఏమిటో పట్టుకుంటే, తర్వాతి లెక్కలో ఏ తప్పు జవాబు రాస్తారో కూడా ముందే చెప్పేయొచ్చు.

కాబట్టి నేను చిన్న లెక్కలు రెండు పంపాను:

```
5 - (x - 3)
x^2 - (x + 1)(x - 4)
```

మొదటిదానికి `8 - x` అని పంపింది. కరెక్ట్. రెండోదానికి `x^2 - x^2 - 3x - 4` అని రాసి, `-3x - 4` అని తేల్చింది. తప్పు. రావాల్సింది `3x + 4`.

ఇప్పుడు విషయం బయటపడింది. బ్రాకెట్ కళ్లముందు ఉంటే సూత్రం తెలుసు, పాటిస్తోంది. రెండు బ్రాకెట్లు గుణించాల్సి వచ్చినప్పుడు మాత్రం గుణకారాన్ని నోటిలెక్కగా చేసేసి, వచ్చినదాన్ని నేరుగా మైనస్ పక్కన రాస్తోంది. గుణించగానే పాత బ్రాకెట్లు పోయాయి. కొత్త బ్రాకెట్ పెట్టలేదు. ఇక మైనస్ మొదటి పదానికి మాత్రమే తగులుతోంది. లోపం సూత్రంలో లేదు, రాయకుండా దాటేసిన ఒక లైన్లో ఉంది. ఈ పిల్లకు సూత్రం మళ్లీ చెప్తే "తెలుసు అత్తా" అంటుంది, అది నిజం కూడా. మళ్లీ అదే తప్పు చేస్తుంది, అదీ నిజమే.

ఫోన్ చేశాను.

"ఒకటో లైనుకూ రెండో లైనుకూ మధ్య ఇంకో లైన్ రాయవే. గుణించాక వచ్చినదాన్ని ముందు బ్రాకెట్లో పెట్టు. ఆ తర్వాతే విప్పు."

"అంతేనా? ఫార్ములా సంగతి?"

"ఫార్ములా నీకు వచ్చు. నీ జవాబును నాలుగో లైన్లో పెట్టి చూసుకో."

"మరి మా సార్ ఆరో లైన్ దగ్గర ఇంటూ కొట్టారు కదత్తా."

అదీ సంగతి. ఎర్ర ఇంటూ ఎక్కడ పడితే అక్కడే తప్పు చేశానని పిల్లలు నమ్ముతారు. దిద్దేవాళ్లు ఆఖరి జవాబు చూసి అక్కడ మార్కు పెడతారు. ఆ మార్కు లెక్క తప్పని మాత్రమే చెప్తుంది, తప్పు ఎక్కడ పుట్టిందో చెప్పదు.

తను మళ్లీ చేసి పంపింది:

```
1)  (x - 2)^2 - (2x - 1)(x - 3) = 1
1a) x^2 - 4x + 4 - (2x^2 - 7x + 3) = 1
2)  x^2 - 4x + 4 - 2x^2 + 7x - 3 = 1
3)  -x^2 + 3x + 1 = 1
4)  x^2 - 3x = 0
5)  x^2 = 3x
6)  x = 3
```

రెండో లైన్లో పది పెడితే -69. పాత తప్పు పోయింది. కానీ జవాబు 3 ఒక్కటే వచ్చింది. సున్నా ఏమైంది?

నిష్పత్తి మారితే అనుమానించండి

నాలుగో లైన్లో పది పెడితే 100 - 30, అంటే 70. ఆరో లైన్‌ను `x - 3 = 0` అని మార్చుకుని పది పెడితే 7. డెబ్బై కాస్తా ఏడు అయింది, అంటే పదో వంతు. ఇందాక మూడు నుంచి నాలుగుకు వెళ్లేటప్పుడు కూడా విలువ మారింది కదా, అప్పుడు ఒప్పుకున్నాం. మరి ఇప్పుడు?

ఇంకో అంకె పెట్టి చూస్తే తేలుతుంది. ఐదు పెట్టండి. నాలుగో లైన్ 25 - 15, అంటే 10. ఆరో లైన్ 2. ఈసారి ఐదో వంతు. పది పెడితే పదో వంతు, ఐదు పెడితే ఐదో వంతు. అంటే మాయమైంది xయే. ఐదో లైన్లో రెండువైపులా xతో భాగించేసింది. x సున్నా అయితే ఆ భాగహారం చెల్లదు. సున్నా అనే జవాబు పోయింది అక్కడే. ఇందాకటి మైనస్ ఒకటి మాత్రం ఏ అంకె పెట్టినా మైనస్ ఒకటే. సమీకరణంలో నిష్పత్తి సున్నా కాని ఒకే అంకెగా నిలబడితే స్టెప్పు మంచిదే. మనం పెట్టే అంకెతో పాటు నిష్పత్తి కూడా మారుతుంటే, ఏదో జవాబు పోయి ఉండొచ్చు, లేదా లేని జవాబు వచ్చి చేరి ఉండొచ్చు.

ఈ పద్ధతికి ఉన్న హద్దు కూడా చెప్పాలి. బ్రాకెట్లు విప్పి సర్దిన స్టెప్పులో రెండు లైన్ల విలువలు కలవకపోతే తప్పు ఖాయం. కలిసినంత మాత్రాన ఆ స్టెప్పు సరైన కారణంతో చేశారని కాదు. 16/64లో పైన ఆరు, కింద ఆరు కొట్టేస్తే 1/4 వస్తుంది. జవాబు కరెక్ట్, పద్ధతి ఘోరం. ఇలాంటిది అంకెలకు దొరకదు, కన్నుకే దొరకాలి. అలాగే రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే మొదటి లైనూ చివరి లైనూ చక్కగా సరిపోతాయి. అందుకే ఆ రెంటినీ మాత్రమే పోల్చి వదిలేయకుండా, పక్కపక్క లైన్లను జతలుగా చూడమంటున్నాను.

మా మేనకోడలికి చివరికి నేను పంపింది రెండు ముక్కలే: "గుణకారం తర్వాత బ్రాకెట్ లైన్ రాయి. xతో భాగించకు, x బయటికి తీయి." ఎంపీసీయా, సీఈసీయా అన్నది ఇంకా తేల్చుకోలేదు. కానీ ఇప్పుడు ఆ నిర్ణయంలో ఫార్ములా భయం లేదు.

ఈ వారం మీకో పేజీ. ఇందులో ప్రతి లైనూ పై లైన్ నుంచి సరిగ్గానే వచ్చినట్టు కనబడుతుంది. అయినా రెండు జవాబుల్లో ఒకటి చెల్లదు.

```
1) sqrt(x + 7) = x - 5
2) x + 7 = x^2 - 10x + 25
3) x^2 - 11x + 18 = 0
4) (x - 2)(x - 9) = 0
5) x = 2, x = 9
```

చెల్లని జవాబును కింద లైన్ నుంచి పైకి ఒక్కో లైన్లో పెట్టుకుంటూ వెళ్లండి. ఏ లైన్ దాకా సరిపోయింది, ఏ లైన్లో ఆగిపోయింది? ఆ రెండు లైన్ల నంబర్లు, అక్కడ ఏం జరిగిందో ఒక్క వాక్యం రాసిపెట్టుకోండి. వచ్చే వారం అక్కణ్నుంచే మొదలుపెడదాం.